పదకొండో పిన్ దగ్గర తేడా

74373, 74374. ఈ రెండు చిప్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే, పైన ముద్రించిన నంబరులోని చివరి అంకె తప్ప కంటికి వేరే తేడా కనిపించదు. రెండింటికీ ఇరవై పిన్లు. రెండింటిలోనూ ఎనిమిది ఇన్‌పుట్లు, ఎనిమిది అవుట్‌పుట్లు, అవి ఉన్న చోట్లు కూడా ఒకటే. పదో పిన్ గ్రౌండ్, ఇరవయ్యోది సప్లై, మొదటిది అవుట్‌పుట్లను తెరిచే పిన్. ఒక్క పదకొండో పిన్‌కు మాత్రం పేరు మారుతుంది. 373లో దాన్ని లాచ్ ఎనేబుల్ అంటారు, 374లో క్లాక్ అంటారు. సాకెట్‌లోంచి ఒకదాన్ని తీసి ఇంకోదాన్ని పెడితే చక్కగా కూర్చుంటుంది. పొగ రాదు, ఏదీ వేడెక్కదు. సర్క్యూట్ పని మాత్రం చెడిపోతుంది.

నంబరు చెరిగిపోయిన చిప్ చేతికొస్తే అది ఏదో తేల్చడానికి ఆసిలోస్కోప్ అక్కర్లేదు. ఐదు వోల్టుల సప్లై ఇచ్చి, మొదటి పిన్‌ను గ్రౌండ్‌కు కలిపి, రెండో పిన్‌కు రెసిస్టర్‌తో ఒక ఎల్‌ఈడీ తగిలిస్తే చాలు. ఖాళీగా మిగిలిన ఇన్‌పుట్లను గ్రౌండ్ చేయడం మంచిది. రెండో పిన్ మొదటి గది అవుట్‌పుట్, మూడోది దాని ఇన్‌పుట్. పదకొండో పిన్‌ను ఐదు వోల్టులకు కట్టేసి, మూడో పిన్ వైరును ఒకసారి ఐదు వోల్టులకు, ఒకసారి గ్రౌండ్‌కు మారుస్తూ ఉండాలి. వైరు మార్చినప్పుడల్లా దీపం వెలిగి ఆరుతుంటే అది 373. వైరును ఎన్నిసార్లు మార్చినా దీపం కదలకపోతే అది 374. ఈసారి పదకొండో పిన్‌ను గ్రౌండ్‌కు కట్టి అదే పని చేస్తే రెండు చిప్‌లూ నిశ్చలంగా ఉండిపోతాయి. గ్రౌండ్ నుంచి పైకి ఎత్తిన ఆ క్షణంలో మాత్రమే 374 ఒక్కసారి ఇన్‌పుట్‌ను చూసి, చూసినదాన్ని అవుట్‌పుట్‌లో పెట్టి, మళ్లీ పట్టించుకోవడం మానేస్తుంది.

మొదటిది లాచ్. పదకొండో పిన్ మీద ఎంత వోల్టేజి ఉందన్నదే దానికి ముఖ్యం. వోల్టేజి ఎక్కువ లెవెల్‌లో, అంటే 1లో ఉన్నంతసేపూ ఇన్‌పుట్‌లో ఏం జరిగినా అవుట్‌పుట్‌లో కనిపిస్తుంది. అందుకే దీన్ని పారదర్శక లాచ్ అంటారు. రెండోది ఫ్లిప్‌ఫ్లాప్. పదకొండో పిన్ 0 నుంచి 1కి మారే క్షణమే, అంటే రైజింగ్ ఎడ్జే దానికి లెక్క. డిప్లొమాలోనో ఇంజనీరింగ్‌లోనో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లందరికీ ఈ రెండు వాక్యాలు కంఠతా వచ్చు. ఇలా ఎందుకు అవుతుంది అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. ట్రాన్సిస్టర్‌కు వోల్టేజి తెలుస్తుంది గానీ ‘క్షణం’ తెలియదు కదా, మరి ఎడ్జ్‌ను అది ఎలా పట్టుకుంటుంది?

దీనికి సమాధానం లాచ్ కడుపులోనే ఉంది.

రెండు ఇన్వర్టర్లను తీసుకుని మొదటిదాని అవుట్‌పుట్‌ను రెండోదానికి, రెండోదాని అవుట్‌పుట్‌ను మళ్లీ మొదటిదానికి కలిపితే ఒక వలయం ఏర్పడుతుంది. మొదటి ఇన్వర్టర్ ఇన్‌పుట్‌లో 1 ఉంటే దాని అవుట్‌పుట్ 0, రెండోది దాన్ని తిరగేసి మళ్లీ 1గా వెనక్కి ఇస్తుంది. సప్లై ఉన్నంతకాలం అది తనను తాను నిలబెట్టుకుంటుంది. 0 పెట్టినా అంతే. గుర్తుపెట్టుకోవడమంటే ఇక్కడ ఇంతే, తన మాటను తనే మళ్లీ మళ్లీ వినడం. బ్రిటన్‌కు చెందిన విలియం ఎకల్స్, ఎఫ్. డబ్ల్యూ. జోర్డాన్ 1918లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన సర్క్యూట్‌లో ఇన్వర్టర్ల చోట వాక్యూమ్ ట్యూబులు ఉండేవి గానీ ఉపాయం ఇదే.

అయితే ఆ వలయంలోకి కొత్త విలువ వెళ్లేదెలా? దానికి రెండు స్విచ్‌లు కావాలి. ఒకటి బయటి ఇన్‌పుట్‌కూ మొదటి ఇన్వర్టర్‌కూ మధ్య ఉంటుంది. రెండోది వలయాన్ని మూసే దారిలో ఉంటుంది. సీమాస్ చిప్‌లలో ఈ స్విచ్‌లను ట్రాన్స్‌మిషన్ గేట్లంటారు. ఎనేబుల్ 1గా ఉన్నప్పుడు మొదటి స్విచ్ దారి ఇస్తుంది, రెండోది దారి ఆపేస్తుంది. అప్పుడు వలయం తెగిపోయి ఉంటుంది, జ్ఞాపకం ఉండదు. ఇన్‌పుట్ నేరుగా రెండు ఇన్వర్టర్ల గుండా నడిచి అవుట్‌పుట్‌కు చేరుతుంది. ఎనేబుల్ 0 కాగానే మొదటి స్విచ్ మూసుకుని రెండోది తెరుచుకుంటుంది. బయటి ప్రపంచంతో సంబంధం తెగుతుంది, వలయం పూర్తవుతుంది, ఆ సమయానికి లోపల ఏముంటే అది అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది.

లాచ్ పారదర్శకంగా ఉండటానికి కారణం ఈ నిర్మాణమే. కొత్త విలువను రానివ్వాలంటే దారి తెరవాలి. తెరిచి ఉన్నంతసేపూ అది కేవలం రెండు ఇన్వర్టర్లు గుచ్చిన వైరు ముక్క. ఇన్‌పుట్‌లోకి చక్కటి విలువ వస్తే చక్కగా, చెత్త వస్తే చెత్తగా అవతలికి పంపుతుంది. ఉదాహరణకు ఒక యాడర్ రెండు సంఖ్యలను కూడుతుంటే క్యారీ ఒక్కో స్థానం దాటుకుంటూ వెళ్లే కొద్దీ దాని అవుట్‌పుట్ కొన్ని నానోసెకన్లపాటు తప్పుడు విలువలు చూపించి చివరికి సరైనదాని దగ్గర నిలుస్తుంది. తెరిచి ఉన్న లాచ్ ఆ తప్పుడు విలువలన్నిటినీ కూడా తర్వాతి గేట్లకు చేరవేస్తుంది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. లాచ్‌లో చివరికి మిగిలేది దారి మూసుకున్న క్షణంలో ఉన్న విలువ. తెరిచి ఉన్నప్పుడు వచ్చి పోయిన విలువలేవీ మిగలవు. అంటే ఒక క్షణాన్ని పట్టుకునే గుణం లాచ్‌లోనూ ఉంది. దాని బాధల్లా, పట్టుకునే ముందు చాలాసేపు తలుపు బార్లా తెరిచి ఉంచడమే.

ఆ తెరిచి ఉంచడం ఎంత చేటు తెస్తుందో ఒక చిన్న సర్క్యూట్‌లో చూడవచ్చు. 373లోని ఒక గది అవుట్‌పుట్‌ను ఇన్వర్టర్ ద్వారా అదే గది ఇన్‌పుట్‌కు కలపాలి. ఉద్దేశం సులభం. ఎనేబుల్ పల్స్ ఇచ్చిన ప్రతిసారీ అవుట్‌పుట్ ఒకసారి తిరగబడాలి, 0 ఉంటే 1, 1 ఉంటే 0. కౌంటర్‌లో మొదటి బిట్ చేసే పని అదే. హెచ్‌సీ కుటుంబం చిప్‌లలో, ఐదు వోల్టుల దగ్గర, లాచ్ గుండా సిగ్నల్ దాటడానికి సుమారు 13 నానోసెకన్లు, 7404 ఇన్వర్టర్ గుండా సుమారు 7 నానోసెకన్లు పడుతుందనుకుందాం. ఒక చుట్టు మొత్తం 20 నానోసెకన్లు.

ఎనేబుల్ 1 అయింది. లాచ్‌లోని 0 ఇన్వర్టర్ దాటి 1గా ఇన్‌పుట్ దగ్గర కాచుకుని ఉంది, అది లోపలికి వచ్చి అవుట్‌పుట్‌ను 1 చేసింది. కోరుకున్నది ఇంతే, ఇక్కడ ఆగాలి. కానీ దారి ఇంకా తెరిచే ఉంది. ఆ 1 ఇన్వర్టర్ దాటి 0 అయి మళ్లీ ఇన్‌పుట్‌కు వచ్చింది, అవుట్‌పుట్ 0 అయింది. మళ్లీ 1. ప్రతి 20 నానోసెకన్లకూ ఒకసారి తిరగబడుతూనే ఉంటుంది, అంటే దాదాపు 25 మెగాహెర్ట్‌జ్ వేగంతో ఊగుతుంది. ఎనేబుల్ పల్స్ ఒక్క మైక్రోసెకను ఉన్నా యాభై సార్లు తిరగబడుతుంది. చేత్తో బటన్ నొక్కి సెకనులో పదో వంతు పట్టుకుంటే యాభై లక్షల సార్లు. ఎల్‌ఈడీ పెట్టి చూస్తే అంత వేగం కంటికి అందదు కాబట్టి నొక్కినంతసేపూ మసకగా వెలిగినట్లుంటుంది, వదిలాక వెలిగి ఉంటుందో ఆరి ఉంటుందో చెప్పలేం. చిప్ కొంచెం వేడెక్కినా చుట్టుకు పట్టే సమయం మారుతుంది, యాభై కాస్తా నలభై తొమ్మిది అవుతుంది, ఫలితం తలకిందులవుతుంది. సర్క్యూట్ ‘ఒక్కోసారి’ పనిచేస్తోందని విద్యార్థులు చెప్పినప్పుడు చాలాసార్లు వెనక ఉండేది ఇలాంటి వలయమే.

పల్స్‌ను ఒక చుట్టుకంటే పొట్టిగా చేస్తే సరిపోదా అన్న ఆలోచన సహజం. కాగితం మీద సరిపోతుంది. కానీ లాచ్ విలువను సరిగ్గా అందుకోవాలంటే పల్స్ కనీసం ఇంత వెడల్పు ఉండాలని డేటాషీట్ చెబుతుంది, ఆ కనీసం కూడా ఇంచుమించు లాచ్ జాప్యమంతే ఉంటుంది. పైన గోడ, కింద గోడ, మధ్యలో చోటు దాదాపు లేదు. ఉష్ణోగ్రతకూ సప్లైకూ తగ్గట్టు ఆ కొద్ది చోటు కూడా జరుగుతూ ఉంటుంది. చిప్ లోపల డిజైనర్లు చాలా జాగ్రత్తగా లెక్కవేసుకుని ఇలాంటి పొట్టి పల్స్‌లు వాడతారు గానీ బ్రెడ్‌బోర్డ్ మీద అది నమ్మదగిన దారి కాదు.

నమ్మదగిన దారి గోదావరి జిల్లాలవాళ్లకు బాగా తెలిసిన కట్టడంలో ఉంది. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం దగ్గర నదినుంచి కాలువలు బయల్దేరే చోట పడవల కోసం కట్టిన లాకులున్నాయి. ఒక తొట్టి, దానికి ముందొక తలుపు, వెనకొక తలుపు. పడవ తొట్టిలోకి వచ్చేదాకా నదివైపు తలుపు తెరిచి, కాలువవైపుది మూసి ఉంచుతారు. తర్వాత నదివైపుది మూసి, నీళ్లు సర్దుకున్నాక కాలువవైపుది తెరుస్తారు. రెండు తలుపులూ ఒకేసారి తెరవడమన్నది ఉండదు, ఎందుకంటే తెరిస్తే నది కాలువలోకి దూకుతుంది. ఒక్కసారికి ఒక్క తొట్టికి పట్టినంతే దాటుతుంది.

ఫ్లిప్‌ఫ్లాప్ అచ్చంగా ఇదే. రెండు లాచ్‌లను వరుసగా పెట్టి, రెండింటికీ ఒకే క్లాక్ ఇచ్చి, ఒకదానికి మాత్రం తిరగేసి ఇస్తారు. మొదటిదాన్ని మాస్టర్ అనీ రెండోదాన్ని స్లేవ్ అనీ పుస్తకాల్లో రాస్తారు. క్లాక్ 0గా ఉన్నప్పుడు మాస్టర్ తెరిచి ఉంటుంది, స్లేవ్ మూసి ఉంటుంది. ఇన్‌పుట్‌లో జరిగేదంతా మాస్టర్ లోపల కనిపిస్తూ ఉంటుంది గానీ స్లేవ్ దగ్గరే ఆగిపోతుంది. అవుట్‌పుట్ పాత విలువ దగ్గర కదలకుండా నిలిచి ఉంటుంది. క్లాక్ 1కి లేవగానే మాస్టర్ మూసుకుంటుంది, చివరిగా చూసిన విలువ అందులో చిక్కుకుంటుంది. అదే సమయంలో స్లేవ్ తెరుచుకుని ఆ చిక్కిన విలువను అవుట్‌పుట్‌కు వదులుతుంది. ఆపై క్లాక్ 1గా ఎంతసేపు ఉన్నా పర్వాలేదు. స్లేవ్ తెరిచే ఉన్నా దాని వెనక మాస్టర్ మూసుకుని ఉంది, కొత్తగా వచ్చేదేమీ లేదు. క్లాక్ మళ్లీ 0కి దిగినప్పుడు స్లేవ్ మూసుకుంటుంది, మాస్టర్ తెరుచుకుంటుంది, అవుట్‌పుట్‌లో మార్పేమీ కనపడదు.

అంటే ఫ్లిప్‌ఫ్లాప్ ఎడ్జ్ దగ్గర ఒక్క క్షణం తెరుచుకుని మూసుకునే పరికరం కాదు. ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు నేరుగా దారి తెరవాలని దాన్ని ఎవరూ కట్టలేదు. లాచ్‌లో మనం చూసిన మూసుకునే క్షణమే ఇక్కడ మాస్టర్‌లో పనిచేస్తోంది. దానికి ముందు సాగే పారదర్శక కాలాన్ని స్లేవ్ బయటికి కనపడకుండా దాస్తోంది. ట్రాన్సిస్టర్లు ఇప్పటికీ వోల్టేజినే చూస్తున్నాయి. రెండు లెవెల్‌లకు స్పందించే రెండు భాగాలను ఎదురెదురు సమయాల్లో నడిపితే వాటి మధ్య మిగిలే సరిహద్దు పేరే ఎడ్జ్.

అన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లూ ఇలా రెండు లాచ్‌ల వరుసగానే ఉండవు. ల్యాబుల్లో తరతరాలుగా వాడుతున్న 7474ను ఆరు నాండ్ గేట్లతో, మూడు చిన్న వలయాలుగా కట్టారు. అందులో క్లాక్ లేవగానే ముందటి రెండు వలయాలు ఒకదాన్నొకటి బిగించేసి, ఇన్‌పుట్ తర్వాత మారినా లోపలికి రాకుండా అడ్డుకుంటాయి. కట్టుబడి వేరైనా సూత్రం మారలేదు.

ఇప్పుడు అదే తిరగబడే సర్క్యూట్‌లో 373 తీసి 374 పెడితే ఏం జరుగుతుంది? క్లాక్ లేచింది. సుమారు 15 నానోసెకన్ల తర్వాత అవుట్‌పుట్ మారింది. ఇంకో 7 నానోసెకన్లకు ఇన్వర్టర్ దాటి తిరగేసిన విలువ ఇన్‌పుట్ దగ్గరికి చేరింది. అక్కడ మాస్టర్ మూసుకుని ఉంది. బటన్ పదో వంతు సెకను నొక్కినా, పది నిమిషాలు నొక్కినా ఆ విలువ అక్కడే నిలబడి తర్వాతి రైజింగ్ ఎడ్జ్ కోసం చూస్తుంది. ఎల్‌ఈడీ ఒక నొక్కుకు వెలుగుతుంది, మరో నొక్కుకు ఆరుతుంది.

అయితే ఆ బటన్‌ను నేరుగా పదకొండో పిన్‌కు కలపకూడదు. బటన్ లోపలి లోహపు రేకు తగిలాక కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడుతుంది. అలా ఎగిరిన ప్రతిసారీ ఒక నిజమైన ఎడ్జే పుడుతుంది, ఫ్లిప్‌ఫ్లాప్ ఒక్కోదాన్నీ శ్రద్ధగా లెక్కిస్తుంది. ఒక నొక్కుకు మూడు సార్లు తిరగబడితే తప్పు చిప్‌ది కాదు, ఆ ఎగురుళ్లను అణచే చిన్న సర్క్యూట్ మధ్యలో పెట్టకపోవడం. క్లాక్ నెమ్మదిగా పైకి పాకినా ఇలాంటి చిక్కే వస్తుంది. హెచ్‌సీ చిప్‌లకు 4.5 వోల్టుల సప్లై దగ్గర సిగ్నల్ 500 నానోసెకన్లలోపు లేవాలని తయారీదారులు షరతు పెడతారు. అంతకన్నా నిదానంగా పాకితే మాస్టర్ పూర్తిగా మూసుకోకముందే స్లేవ్ తెరుచుకునే వీలుంది. రెండు తలుపులూ సగం సగం తెరిచి ఉన్న ఆ సమయంలో ఫ్లిప్‌ఫ్లాప్ మళ్లీ లాచ్‌లా ప్రవర్తించవచ్చు.

ఎడ్జ్ క్షణమాత్రం అన్నాం గానీ నిజానికి దానికీ కొంత వెడల్పుంది. మాస్టర్ మూసుకునే ముందు కొత్త విలువ రెండు ఇన్వర్టర్లనూ దాటి వలయంలో కుదురుకోవాలి. దానికి పట్టే సమయమే సెటప్ టైమ్. క్లాక్ లేచాక కూడా స్విచ్ పూర్తిగా మూసుకోవడానికి కొంత పడుతుంది, అప్పటిదాకా ఇన్‌పుట్ మారకూడదు. అది హోల్డ్ టైమ్. పాత టీటీఎల్ 7474కు సెటప్ టైమ్ 20 నానోసెకన్లు, హోల్డ్ టైమ్ 5 నానోసెకన్లు. ఎడ్జ్‌కు ముందు 20, తర్వాత 5, మొత్తం పాతిక నానోసెకన్లపాటు ఇన్‌పుట్ కదలకుండా ఉండాలి. మిగతా సమయంలో అది ఎన్ని గంతులు వేసినా ఎవరికీ పట్టదు.

ఆ పాతిక నానోసెకన్లలో కదిలితే? వలయంలోకి సగం వోల్టేజి చేరి, 0 వైపు వాలాలో 1 వైపు వాలాలో తేలక మధ్యలో వేలాడవచ్చు. దీన్ని మెటాస్టెబిలిటీ అంటారు. థామస్ చేనీ, చార్లెస్ మోల్నార్ 1973లో దీన్ని ఆసిలోస్కోప్ చిత్రాలతో ప్రచురించేదాకా చాలామంది ఇంజనీర్లు ఇలా జరుగుతుందంటే నమ్మేవారు కాదు. బయటినుంచి, క్లాక్‌తో సంబంధం లేకుండా వచ్చే సిగ్నళ్లను ఇప్పటికీ వరుసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపడం అందుకే. మొదటిది వేలాడినా, రెండోది చూసే లోపు ఏదో ఒకవైపు వాలడానికి ఒక పూర్తి క్లాక్ కాలం దొరుకుతుంది.

హోల్డ్ టైమ్ చిన్నదిగా ఉండటం వల్ల వచ్చే లాభం షిఫ్ట్ రిజిస్టర్‌లో కనిపిస్తుంది. 374లో ఒక గది అవుట్‌పుట్‌ను పక్క గది ఇన్‌పుట్‌కు, దాని అవుట్‌పుట్‌ను ఆ పక్కదానికి, ఇలా ఎనిమిదింటినీ గొలుసుగా కలిపితే క్లాక్ లేచిన ప్రతిసారీ ప్రతి బిట్ ఒక్క గది పక్కకు జరుగుతుంది. ఎనిమిది గదులూ ఒకే క్షణంలో మారుతున్నప్పుడు రెండో గది మొదటిదాని పాత విలువనే ఎలా తీసుకుంటుంది, కొత్తది ఎందుకు తీసుకోదు? మొదటి గది అవుట్‌పుట్ మారడానికి సుమారు 15 నానోసెకన్లు పడుతుంది. అప్పటికి రెండో గది మాస్టర్ ఎప్పుడో మూసుకుంది. వార్త ఆలస్యంగా చేరడమే ఇక్కడ రక్షణ. రెండు వేర్వేరు చిప్‌లను గొలుసుగా కలిపి, పొడవాటి వైరు వల్లో మధ్యలో గేటు వల్లో రెండోదానికి క్లాక్ ఆలస్యంగా చేరితే ఆ రక్షణ పోతుంది. బిట్ ఒక్క క్లాక్‌కు రెండు గదులు దాటేస్తుంది. ఒకటి దాటవలసిన చోట రెండు దాటుతుంటే మొదట అనుమానించవలసింది క్లాక్ వైరునే.

అదే గొలుసును 373తో కడితే ఈ లెక్కలేవీ నిలవవు. ఎనేబుల్ 1 కాగానే ఎనిమిది తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. మొదటి గదిలోకి వచ్చిన బిట్ ఒక్కో గదికీ 13 నానోసెకన్ల చొప్పున, నూరు నానోసెకన్లు దాటగానే ఎనిమిదో గది చివర తేలుతుంది. ఎనేబుల్ తగ్గేసరికి ఎనిమిది గదుల్లోనూ ఒకే విలువ.

ఇంత చెప్పాక లాచ్ పనికిమాలినదని అనిపించవచ్చు. అది తప్పు. పారదర్శకతే కావలసిన చోట్లున్నాయి. వాటిలో ఒకటి మన పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కాలేజీల మైక్రోప్రాసెసర్ ల్యాబుల్లో ఎన్నో ఏళ్లుగా కళ్లెదుటే ఉంది. 8085 ట్రెయినర్ కిట్ మూత తీసి చూస్తే ప్రాసెసర్‌కు దగ్గర్లోనే 74373 గానీ దాని పనే చేసే మరో లాచ్ గానీ కనిపిస్తుంది.

ఇంటెల్ 1976లో తెచ్చిన 8085కు నలభై పిన్లే. పదహారు బిట్ల చిరునామాకు, ఎనిమిది బిట్ల డేటాకు విడివిడిగా పిన్లు ఇస్తే మిగతా సిగ్నళ్లకు చాలవు. అందుకని చిరునామాలోని కింది ఎనిమిది బిట్లు, డేటా ఎనిమిది బిట్లు ఒకే పిన్లను వంతులవారీగా వాడుకుంటాయి. ముందు చిరునామా వస్తుంది, కాసేపటికి అదే తీగల మీద డేటా వస్తుంది. డేటా వచ్చే సమయానికి కూడా మెమరీకి చిరునామా కనిపిస్తూనే ఉండాలి. ఇప్పుడు తీగల మీద ఉన్నది చిరునామా అని చెప్పడానికి ప్రాసెసర్ ముప్పయ్యో పిన్‌లోంచి ఏఎల్ఈ అనే పల్స్ పంపుతుంది. దాన్ని 373 పదకొండో పిన్‌కు కలుపుతారు.

ఏఎల్ఈ 1గా ఉండగా లాచ్ తెరిచి ఉంటుంది కాబట్టి చిరునామా తీగల మీదికి వచ్చీ రాగానే మెమరీకి చేరిపోతుంది. మెమరీ వెతుకులాట మొదలుపెడుతుంది. ఏఎల్ఈ 0కి దిగాక లాచ్ మూసుకుని ఆ చిరునామాను పట్టి ఉంచుతుంది, తీగలు డేటాకు ఖాళీ అవుతాయి. 8085ఏ డేటాషీట్ ప్రకారం ఏఎల్ఈ కనీసం 140 నానోసెకన్లు 1గా ఉంటుంది, అది దిగడానికి కనీసం 90 నానోసెకన్ల ముందు కింది చిరునామా స్థిరపడుతుంది. ఈ 90 నానోసెకన్లు మెమరీకి ముందుగా దొరికిన సమయం. 6.144 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్‌తో నడిచే కిట్‌లో ఒక టీ-స్టేట్ దాదాపు 325 నానోసెకన్లు. అందులో పావు వంతుకు పైనే.

ఆ సాకెట్‌లో 373 తీసి 374 పెడితే కథ తలకిందులవుతుంది. 374 ఏఎల్ఈ లేచే క్షణంలో తీగలను చూసి, చూసినదాన్ని పట్టుకుంటుంది. 140కీ 90కీ మధ్య ఉన్న తేడాను చూస్తే ఏఎల్ఈ లేచేసరికి చిరునామా స్థిరంగా ఉంటుందన్న హామీ ఏమీ లేదని తెలుస్తుంది. వెనకటి డేటా జాడో, సగం మారిన చిరునామాయో చిక్కుతుంది. పై ఎనిమిది బిట్లకు వేరే పిన్లున్నాయి కాబట్టి అవి సరిగ్గానే వెళ్తాయి. ఫలితంగా ప్రాసెసర్ సరైన పేజీలోనే తప్పు చోట చదువుతుంది. రీసెట్ నొక్కినా మానిటర్ ప్రోగ్రామ్ మొదలవదు. ఏఎల్ఈని ఇన్వర్టర్‌తో తిరగేసి ఇస్తే 374తో కూడా కిట్ నడవవచ్చు, ఎందుకంటే అప్పుడు దిగే అంచు లేచే అంచుగా మారుతుంది. కానీ చిరునామా మెమరీకి చేరేది ఆ అంచు తర్వాతే, ముందుగా దొరికిన ఆ 90 నానోసెకన్లు పోతాయి. మెమరీ వేగం అంతంతమాత్రమైతే అక్కడ మళ్లీ తప్పులు మొదలవుతాయి.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చిప్ డిజైన్‌లో కొత్తగా చేరిన తెలుగు ఇంజనీర్లకు లాచ్ ఎదురయ్యేది సాకెట్‌లో కాదు, స్క్రీన్ మీద, అదీ పిలవకుండా. వెరిలాగ్‌లో ఇలా రాశారనుకుందాం:

```verilog
always @(*)
  if (sel == 2'b00)      y = a;
  else if (sel == 2'b01) y = b;
```

రాసినవాళ్ల మనసులో ఉన్నది రెండు ఇన్‌పుట్ల నుంచి ఒకదాన్ని ఎంచుకునే మామూలు సర్క్యూట్, జ్ఞాపకం అక్కర్లేనిది. కానీ `sel` విలువ 10 గానీ 11 గానీ అయితే `y` ఏం కావాలో చెప్పలేదు. చెప్పకపోతే పాత విలువే ఉండాలన్నది భాష నియమం. పాత విలువ ఉండాలంటే గుర్తుపెట్టుకోవాలి. క్లాక్ ప్రస్తావనే లేదు కాబట్టి టూల్ అక్కడ లాచ్ పెడుతుంది, దాని ఎనేబుల్‌ను `sel` నుంచి గేట్లతో తయారుచేస్తుంది. వివాడో అయితే ఒక్క వరుసలో హెచ్చరిస్తుంది:

```
WARNING: [Synth 8-327] inferring latch for variable 'y_reg'
```

వందల హెచ్చరికల మధ్య ఇది కంటపడకపోతే సిమ్యులేషన్‌లో అంతా సవ్యంగానే కనిపించవచ్చు. బోర్డు మీద మాత్రం `sel` రెండు బిట్లు సరిగ్గా ఒకేసారి మారవు. 01 నుంచి 10కి వెళ్లే చోట మధ్యలో ఒక్క నానోసెకను 00 కనిపించినా, ఇంకా తెరిచే ఉన్న లాచ్ `b` బదులు `a`ను మింగి మూసుకోవచ్చు. చివర్లో `else y = 1'b0;` అన్న ఒక్క వరుస చేరిస్తే ఆ లాచ్ మాయమవుతుంది. జ్ఞాపకం నిజంగానే కావాలనుకుంటే క్లాక్ పేరు చెప్పి అడగాలి:

```verilog
always @(posedge clk)
  q <= d;
```

ఇది కచ్చితంగా ఫ్లిప్‌ఫ్లాప్. గేట్ల అవుట్‌పుట్లో ఎన్ని కుదుపులు వచ్చినా తర్వాతి ఎడ్జ్‌కు ముందు సెటప్ టైమ్ లోపల కుదురుకుంటే చాలు.

తెలిసి, కోరి లాచ్‌లు పెట్టిన గొప్ప చిప్‌లూ ఉన్నాయి. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1992లో తెచ్చిన ఆల్ఫా 21064 ప్రాసెసర్ 200 మెగాహెర్ట్‌జ్‌తో నడిచింది. ఆ రోజుల్లో అది అబ్బురపరిచే వేగం. దాని పైప్‌లైన్ దశల మధ్య ఉన్నవి లెవెల్‌కు స్పందించే లాచ్‌లే. 200 మెగాహెర్ట్‌జ్ అంటే ఒక్కో దశకు 5 నానోసెకన్లు. ఒక దశలో లెక్క 5.5 నానోసెకన్లు పడుతుందనీ, తర్వాతి దశకు 4 చాలనీ అనుకుందాం. ఫ్లిప్‌ఫ్లాప్‌లు ఉంటే మొదటి దశ ఎడ్జ్‌ను అందుకోలేదు, మొత్తం క్లాక్‌నే 5.5కు పైకి నెమ్మదింపజేయాలి. రెండో దశలో మిగిలిన ఒక నానోసెకను ఎవరికీ పనికిరాదు. లాచ్‌లైతే ఫలితం అర నానోసెకను ఆలస్యంగా వచ్చినా తలుపు ఇంకా తెరిచే ఉంటుంది. అది ఆగకుండా లోపలికి వెళ్లిపోతుంది, రెండో దశ అర నానోసెకను ఆలస్యంగా మొదలై కూడా తన గడువులోపే ముగుస్తుంది. పక్క దశ నుంచి ఇలా సమయం అప్పు తీసుకోవడం ఎడ్జ్ దగ్గర గిరిగీసుకున్న ఫ్లిప్‌ఫ్లాప్‌తో కుదరదు.

దానికి చెల్లించే మూల్యం కూడా ఆ తెరిచి ఉన్న తలుపు దగ్గరే ఉంది. ఫ్లిప్‌ఫ్లాప్‌లతో కట్టిన చిప్‌లో ఆలస్యంగా వచ్చే దారులను సరిచూసుకోవడమే పెద్ద పని, తొందరగా వచ్చే దారుల విషయంలో హోల్డ్ టైమ్ కాసిన్ని నానోసెకన్ల భాగం మాత్రమే. లాచ్‌లతో కట్టినప్పుడు మరీ పొట్టిగా ఉన్న దారి ఒకే క్లాక్ దశలో, తెరిచి ఉన్న రెండు లాచ్‌ల గుండా సిగ్నల్‌ను పరుగెత్తించే ప్రమాదముంది. అందుకే లాచ్ డిజైన్‌లో ఇంజనీర్లు ప్రతి దారికీ రెండు లెక్కలూ వేస్తారు. ఎంత ఆలస్యంగా రావచ్చో ఒకటి, ఎంత తొందరగా రాకూడదో రెండోది. మరీ పొట్టిగా తేలిన దారుల్లో కావాలని రెండు ఇన్వర్టర్లు చేర్చి సిగ్నల్‌ను నిదానింపజేస్తారు.